మీటరులో నరం బతికే ఉందని తేలినా రూట్ కెనాల్ ఎందుకు?

ప్రశ్న: నా వయసు 36. కింది కుడి దవడ పంటికి మూడు నెలల క్రితం లోతుగా ఫిల్లింగ్ పెట్టారు. చల్లటి నీళ్లు తగిలితే జివ్వుమంటోంది. ఈ వారం నుంచి రాత్రి పడుకున్నాక దానంతట అదే సలుపుతోంది. డాక్టరు గారు ఆ పంటిపై చల్లటి దూది పెట్టి తీసేశాక నొప్పి నలభై సెకన్ల దాకా తగ్గలేదు. కరెంటు పరీక్షలో 34 వచ్చింది, పక్క పంటికి 28. నరం బతికే ఉన్నప్పుడు రూట్ కెనాల్ ఎందుకండీ?

జవాబు: మీ సందేహం సహజమైనదే. అయితే మీ విషయంలో నిర్ణయానికి ఆధారం 34 అనే అంకె కాదు, ఆ నలభై సెకన్లు.

పంటి లోపల ఉండే మెత్తటి కణజాలాన్ని పల్ప్ అంటాం. అందులో రక్తనాళాలు, నరాలు ఉంటాయి. కరెంటు పరీక్షలో పంటిని పొడిగా తుడిచి, పరికరం మొనకు కొద్దిగా టూత్‌పేస్ట్ రాసి ఆనించి, చాలా స్వల్పమైన విద్యుత్తును మెల్లమెల్లగా పెంచుతూ పోతారు. రోగికి చిమచిమలాడినట్లు అనిపించగానే అక్కడ కనిపించే అంకెను రాసుకుంటారు. చాలా పరికరాల్లో ఈ అంకె 0 నుంచి 80 వరకు ఉంటుంది. 80 వరకు వెళ్లినా ఏమీ తెలియకపోతే పల్ప్ చచ్చిపోయి ఉండవచ్చని అనుమానిస్తాం. తెలిస్తే అందులో స్పందించే నరాలు కొన్నయినా మిగిలి ఉన్నాయని మాత్రమే అర్థం. అవి ఎంత వాచి ఉన్నాయో, తిరిగి కోలుకుంటాయో లేదో ఆ అంకె చెప్పలేదు. ఎనామెల్ మందం, పంటి ఆకారం, మొన ఆనించిన చోటును బట్టి కూడా అది మారుతుంది కనుక 34కు, 28కి మధ్య తేడాకు నేనైతే ఏ విలువా ఇవ్వను. పైగా మొన లోహపు ఫిల్లింగ్‌కు తగిలినా, పన్ను తడిగా ఉన్నా కరెంటు పక్క పంటికో చిగురుకో పాకి, చచ్చిన పన్ను కూడా బతికున్నట్లు కనిపించవచ్చు.

చల్లదనం పరీక్ష సంగతి వేరు. సుమారు మైనస్ 26 డిగ్రీల వరకు చల్లబరిచే స్ప్రేను చిన్న దూది ఉండపై కొట్టి, ముందు ఆరోగ్యంగా ఉన్న పంటిపై, ఆ తర్వాత అనుమానమున్న పంటిపై కొన్ని సెకన్లు ఆనిస్తారు. ఆ చలికి ఎనామెల్ కింద ఉండే డెంటిన్ అనే పొరలోని సన్నటి గొట్టాల్లో ఉన్న ద్రవం ఒక్కసారిగా కదలడంతో వేగంగా స్పందించే నరాలు జివ్వుమనిపిస్తాయి. ఈ మొదటి జివ్వు మంచి పంటికీ ఉంటుంది. మేం గమనించేది దూది తీశాక ఏమవుతుందన్నదే. వాపు స్వల్పంగా ఉండి తగ్గే దశలో, అంటే రివర్సిబుల్ పల్పైటిస్‌లో, నొప్పి పదునుగా వచ్చినా కొద్ది సెకన్లలో పోతుంది. వాపు ముదిరిన ఇర్రివర్సిబుల్ పల్పైటిస్‌లో పల్ప్ లోతుల్లోని నెమ్మది నరాలు కూడా రేగుతాయి కాబట్టి, చలి పోయినా సలుపు మిగిలిపోతుంది. అది 30 సెకన్లు, అంతకు మించి సాగితే దీన్నే బలంగా అనుమానిస్తాం. ఏ కారణమూ లేకుండా, ముఖ్యంగా పడుకున్నప్పుడు వచ్చే నొప్పి ఈ అనుమానాన్ని ఇంకా గట్టిపరుస్తుంది. మీకు రెండూ ఉన్నాయి కనుక మీ డాక్టరు గారి సలహా సరైనదనే నాకు అనిపిస్తోంది.

అయినా ఒప్పుకునే ముందు కొన్ని విషయాలు ఆయనతో మాట్లాడండి. పరీక్షకు కొద్ది గంటల ముందు నొప్పి మాత్ర వేసుకుని ఉంటే చెప్పండి, ఎందుకంటే దానివల్ల స్పందన మందగించవచ్చు. పక్క పంటిపై కూడా దూది పెట్టి చూశారా, అక్కడ నొప్పి ఎంతసేపు ఉందని అడగండి. అన్ని పళ్లలోనూ అలాగే సాగితే మీ ఫలితానికి అంత బలం ఉండదు. ఫిల్లింగ్ కాస్త ఎత్తుగా ఉండి నమిలేటప్పుడు ఒత్తిడి పడుతోందేమో కూడా చూడమనండి. అయితే ఎత్తు ఒక్కటే కారణమైతే కొరికినప్పుడు నొప్పి ముందుంటుంది కానీ, రాత్రి దానంతట అదే సలపడం అరుదు. ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదన్నంత మాత్రాన నిశ్చింత పనికిరాదు, ఎందుకంటే వాపు పల్ప్‌కే పరిమితమైనంత కాలం వేరు చివర మార్పు కనిపించకపోవచ్చు.

ఈ పరీక్షలకూ హద్దులున్నాయి. రెండూ నరాల స్పందననే చూస్తాయి, రక్తప్రసరణను కాదు. లోపలి అసలు స్థితితో అన్నిసార్లూ సరిపోలవు. అందుకే కొన్ని పళ్లలో, తెరిచి చూసినప్పుడు రక్తస్రావం త్వరగా ఆగితే, పైభాగపు పల్ప్‌ను మాత్రమే తీసి వేళ్లలోని పల్ప్‌ను కాపాడే చికిత్స కూడా చేస్తున్నారు. మీ పంటికి అది కుదురుతుందేమో అడగవచ్చు.

నిర్ణయం వాయిదా వేస్తే ఒక్క విషయం గమనించండి. ఏ చికిత్సా లేకుండా నొప్పి హఠాత్తుగా పోయి, చల్లటి నీళ్లు తగిలినా ఏమీ తెలియకపోతే నయమైందనుకోకండి. పల్ప్ చచ్చిపోయినా అలాగే జరుగుతుంది. అప్పుడు వారం లోపే మళ్లీ పరీక్ష చేయించుకోండి. దవడ వాచినా, జ్వరం వచ్చినా అదే రోజు వెళ్లండి.