టీకా వేయిస్తేనే బడిలో చేర్చుకుంటామనడం సబబేనా?

ప్రశ్న: "ఈ మధ్యే హైదరాబాద్ నుంచి కాలిఫోర్నియాలోని శాన్‌హోసే వచ్చాం. బాబుకి ఐదేళ్ళు. టీకాలన్నీ పూర్తయితే తప్ప కిండర్‌గార్టెన్‌లో చేర్చుకోం అంటున్నారు. ఇండియాలో తొమ్మిదో నెలలో వేయించిన తట్టు టీకా లెక్కలోకి రాదట. బిడ్డ మాది, మంచీ చెడూ చూసుకునేది మేము, మధ్యలో గవర్నమెంటు బలవంతం ఏంటి? ఇది సబబేనా?"

తట్టు టీకా వరకు సబబే అంటాను. అన్ని టీకాలకూ అదే మాట అనను. తేడా ఎక్కడుందో చెప్తాను, ఎందుకంటే ఆ తేడా మా ఇంట్లోనే చూశాం.

మా అమ్మాయికి నాలుగో ఏట లుకేమియా వచ్చింది. పిల్లలకి వచ్చే కేన్సర్లలో ఎక్కువగా కనిపించేది అదే, చాలామందికి నయమవుతుంది కూడా, కానీ చికిత్స రెండేళ్ళకు పైగా సాగుతుంది. మొదట్లో కొన్ని నెలలు ఆసుపత్రి, ఇల్లు తప్ప ఇంకో లోకం ఉండదు. ఆ తర్వాత మెయింటెనెన్స్ అనే దశ వస్తుంది. రోజూ రాత్రి మాత్రలు, మధ్యమధ్యలో రక్తపరీక్షలు, తెల్లకణాల లెక్క బాగుంటే బడికి పంపండి అని డాక్టర్లే చెప్తారు. జుట్టు మళ్ళీ వస్తుంది, బుగ్గలు వస్తాయి, చూసినవాళ్ళెవరికీ జబ్బు పిల్ల అనిపించదు. కానీ ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి ఇంకా అంతంతమాత్రమే. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాలకి కలిపి వేసే టీకా ఎంఎంఆర్. ఏడాది వయసులో వేయించిన ఎంఎంఆర్ ఇచ్చిన రక్షణ కీమోతో తగ్గిపోవచ్చు. రెండో డోసు వేయించాల్సింది నాలుగు నుంచి ఆరేళ్ళ మధ్య, మాకు సరిగ్గా అది చికిత్స నడుస్తున్న కాలం. ఆ టీకాలో ఉండేది బతికున్న వైరస్సే, బలహీనపరిచి వేస్తారు. మామూలు పిల్లలకి దానితో ఇబ్బంది లేదు, కీమోలో ఉన్న బిడ్డకి మాత్రం అది వేయకూడదు. అంటే మేం టీకా వద్దనుకోలేదు, మాకు ఆ దారే లేదు.

2014 డిసెంబరులో అనాహైమ్‌లోని డిస్నీలాండ్ దగ్గర తట్టు మొదలైంది, కొన్ని నెలల్లో కాలిఫోర్నియాలోనే 131 మందికి సోకింది. ఆ రోజుల్లోనే మేం వెళ్ళే క్లినిక్ నుంచి ఫోన్ వచ్చింది. మాకంటే ముందు వెయిటింగ్ రూములో కూర్చుని వెళ్ళిపోయిన ఒక పిల్లాడికి తట్టు అని తేలిందట. మేం వాణ్ణి చూడను కూడా లేదు. మనిషి వెళ్ళిపోయాక కూడా ఆ గాలిలో వైరస్ రెండు గంటల దాకా ఉండగలదు. వైరస్ తగిలిన ఆరు రోజుల్లోపు ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కిస్తే జబ్బు రాకుండా ఆపొచ్చు, లేదా తీవ్రత తగ్గించొచ్చు. అది ఎవరో దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు. అదే రోజు తీసుకెళ్ళాం. మందులెక్కించడానికి ఛాతీలో చర్మం కింద పెట్టిన పోర్టుకి సూది గుచ్చి, మొదట చాలా నెమ్మదిగా చుక్కలు వదులుతూ, కాస్సేపటికోసారి నర్సు వచ్చి జ్వరం, బీపీ చూసి, పడుతోందని నమ్మకం కుదిరాక వేగం పెంచింది. అలా గంటల తరబడి. ఆ తర్వాత ఇంట్లోనే కాపలా. మామూలుగా తట్టు బయటపడటానికి 21 రోజులు చూస్తారు. ఇమ్యునోగ్లోబులిన్ తీసుకున్నవాళ్ళలో ఇంకా ఆలస్యంగా రావచ్చు కాబట్టి 28 రోజులు. పొద్దున లేవగానే చెవుల వెనక, నుదుటి మీద ఎర్రటి మచ్చలేమైనా ఉన్నాయేమోనని టార్చ్ వేసి చూసేవాళ్ళం, ఎందుకంటే దద్దు అక్కడే మొదలవుతుంది. మా అదృష్టం, రాలేదు.

ఆ పిల్లాడి తల్లిదండ్రుల మీద నాకు కోపం లేదు. దద్దు రాకముందు తట్టు అంటే జ్వరం, దగ్గు, ముక్కు కారడం, కళ్ళు ఎర్రబడటం. జలుబు అనుకుంటాం ఎవరమైనా. వాళ్ళు చేసింది బిడ్డని డాక్టరుకి చూపించడమే. అసలు చిక్కంతా అక్కడే ఉంది. దద్దు కనిపించడానికి నాలుగు రోజుల ముందు నుంచే తట్టు అంటుకుంటుంది. "మా వాడికి ఒంట్లో బాగోకపోతే బడికి పంపం లెండి, మీకేం ఇబ్బంది?" అని కొందరు మంచి మనసుతోనే అంటారు, కానీ ఆ జాగ్రత్త ఈ జబ్బు విషయంలో పనిచేయదు. తెలిసే సరికే పక్క బెంచీ వాళ్ళకి చేరిపోయి ఉంటుంది. రక్షణ లేనివాళ్ళ మధ్య ఒక్కరి నుంచి 12 నుంచి 18 మంది దాకా పాకుతుంది కాబట్టే నూటికి 95 మందికి రక్షణ ఉంటే తప్ప ఆగదని లెక్క వేశారు. ఆ మిగిలిన అయిదుగురిలో మా అమ్మాయి లాంటివాళ్ళు, టీకా వేసినా పట్టని కొద్దిమంది ఉంటారు. వేయించుకోగలిగినవాళ్ళు ఆ చోటు తీసుకుంటే వీళ్ళకి చోటుండదు. ఇక ఇంట్లో ఉన్న ఏడాది లోపు చంటిపిల్లలు, వాళ్ళకి ఇక్కడ మామూలుగా మొదటి డోసే పడి ఉండదు.

అప్పట్లో కాలిఫోర్నియాలో "మా నమ్మకాలకి విరుద్ధం" అని కాగితం ఇస్తే టీకాలు లేకుండానే చేర్చుకునేవారు. రాష్ట్రం మొత్తం మీద అలాంటి పిల్లలు 3 శాతం దగ్గరే, వినడానికి చిన్న సంఖ్యే. కానీ వాళ్ళు రాష్ట్రమంతా సమానంగా పరుచుకుని లేరు. ఒకే రకం ఆలోచన ఉన్న కుటుంబాలు ఒకే పేటలో, ఒకే బడిలో పోగవుతాయి. రాష్ట్రం సగటు బాగానే కనిపిస్తుంటే ఏదో ఒక బడిలో నాలుగో వంతు పిల్లలకి టీకా ఉండకపోవచ్చు. మీ బడి పరిస్థితి తెలుసుకోవాలంటే జిల్లా సగటు కాదు, ఆ బడి అంకె అడగాలి. డిస్నీలాండ్ వ్యవహారం తర్వాత ఎస్‌బీ 277 అనే చట్టం తెచ్చారు, 2015 జూన్ 30న గవర్నర్ జెర్రీ బ్రౌన్ సంతకం పెట్టారు. నమ్మకాల పేరుతో మినహాయింపు తీసేశారు, వైద్య కారణాలకి ఉంచారు. 2014-15లో కిండర్‌గార్టెన్‌లో చేరిన పిల్లల్లో అన్ని టీకాలూ ఉన్నవాళ్ళు 90.4 శాతం, రెండేళ్ళకి 95.6 శాతమయ్యారు.

అలాగని బలవంతంతో అంతా చక్కబడిందని చెప్పను. కొందరు డాక్టర్లు ధారాళంగా వైద్య మినహాయింపులు రాసివ్వడం మొదలుపెట్టారు. 0.2 శాతం దగ్గరున్నవి రెండేళ్ళలో 0.7కి చేరాయి. కొత్తగా అంతమంది పిల్లలకి జబ్బులు రాలేదు కదా. 2019లో మరో చట్టం చేసి, ఏడాదిలో ఐదు, అంతకు మించి మినహాయింపులు రాసిన డాక్టర్ల కాగితాలనీ, టీకాలు 95 శాతం కంటే తక్కువున్న బడుల్లోని మినహాయింపులనీ రాష్ట్ర ఆరోగ్యశాఖ పరిశీలించేలా చేశారు. ఈ తనిఖీ నాకు నచ్చింది, ఎందుకంటే దొంగ మినహాయింపు ప్రతీదీ నిజంగా అవసరమున్న పిల్లల మీదే పడుతుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకి వస్తా, బలవంతం గురించి. మీ బాబుని పట్టుకుని ఎవరూ సూది వేయరు, చట్టం చెప్పేది బడిలో చేర్చుకోవడం గురించే, ఇంట్లో చదివించుకునేవాళ్ళకి ఇది వర్తించదు. కానీ "మీకు వేరే దారి ఉందిగా" అని నేను అనను. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ, వీసా మీద ఉన్న కుటుంబానికి ఇంట్లో చదివించడం అయ్యే పని కాదు. కాబట్టి ఇది ఒత్తిడే. ఆ ఒత్తిడి పెట్టే అధికారం ప్రభుత్వానికి ఎప్పుడు ఉంటుందంటే, టీకా వద్దనుకోవడం వల్ల వచ్చే నష్టం తప్పించుకోలేని ఇంకొకరి మీద పడేటప్పుడు. "నీ మంచి కోసమే" అన్న ఒక్క కారణం నాకు చాలదు. ఇదే జాబితాలో ధనుర్వాతం టీకా కూడా ఉంది. అది మట్టిలోంచి, గాయంలోంచి వస్తుంది, మనిషి నుంచి మనిషికి అంటదు. మీ బాబుకి అది వేయించకపోతే మా అమ్మాయికి ఏమీ కాదు. కంఠసర్పి, కోరింత దగ్గు టీకాలతో ఒకే సూదిలో కలిసి వస్తుంది కాబట్టి చర్చ లేకుండా పోతోంది గానీ, దానికొక్కదానికి బడి తలుపు మూస్తామంటే నేను మీ పక్షాన మాట్లాడతాను. వేయించమని బతిమాలతాను కూడా, అది వేరే సంగతి.

కోవిడ్‌లోనూ ఇదే గీటురాయి పనికొచ్చింది. టీకా ప్రాణాలు కాపాడింది, సందేహం లేదు. కానీ ఒమిక్రాన్ వచ్చాక వేయించుకున్నవాళ్ళకీ సోకింది, వాళ్ళ నుంచి ఇతరులకీ పాకింది. "టీకా లేకపోతే లోపలికి రావద్దు" అనడానికి ఉన్న ఆధారం అక్కడ సన్నబడింది. మన సుప్రీంకోర్టు జాకబ్ పులియెల్ కేసులో 2022 మే 2న ఇచ్చిన తీర్పు దాదాపు ఇదే తీరులో నడిచింది. ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదు, 21వ అధికరణం కింద శరీరం మీద హక్కు మనిషిదే. అయితే సమాజం ఆరోగ్యం కోసం ప్రభుత్వం ఆంక్షలు పెట్టొచ్చు, అవి అవసరానికి తగినంతే ఉండాలి. వేయించుకోనివాళ్ళ వల్ల ఎక్కువ వ్యాపిస్తుందని చూపించే సమాచారం ప్రభుత్వాలు ముందు పెట్టలేదు కాబట్టి అప్పటికి ఉన్న ఆంక్షలు తగినవి కావు అంది. ఈ గీటురాయి మీద రుద్దితే తట్టు టీకా నిలబడుతుంది. రెండు డోసులు పడితే నూటికి 97 మందికి జబ్బే రాదు, రాని జబ్బు ఎవరికీ అంటించలేం.

ఇంకోటి. తప్పనిసరి చేసిన ప్రభుత్వం, దానివల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే బాధ్యత పడాలి. తట్టు టీకాకి చాలా అరుదే అయినా దుష్ప్రభావాలు ఉన్నాయి, మూడు నాలుగు వేల డోసులకి ఒక బిడ్డకి జ్వరంతో ఫిట్స్ రావచ్చు, చాలావరకు శాశ్వత నష్టం ఉండదు. అమెరికాలో 1986 చట్టంతో పరిహార నిధి పెట్టారు, టీకా అడ్డుకునే ఒక్కో జబ్బుకి డోసుకి 75 సెంట్ల పన్నుతో అది నడుస్తుంది. కంపెనీ తప్పు చేసిందని నిరూపించక్కర్లేదు. ఇలాంటిది లేకుండా తప్పనిసరి చేస్తే నేను ఇంత గట్టిగా సమర్థించేదాన్ని కాదు.

మీ తొమ్మిదో నెల డోసు సంగతి. అది వృథా ఏమీ కాదు, ఇండియాలో తట్టు తిరుగుతుంటుంది కాబట్టి చంటిపిల్లల్ని కాపాడటానికి అంత ముందు వేస్తారు. కానీ ఆ వయసులో తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు ఇంకా మిగిలి ఉండి టీకాని సరిగా పట్టనివ్వవు. అందుకే ఇక్కడ మొదటి పుట్టినరోజు తర్వాత పడ్డ రెండు డోసులే లెక్క. ఏడాదిన్నర దగ్గర వేయించిన డోసు కార్డులో ఉంటుంది చూడండి. ప్రభుత్వ ఆసుపత్రిలో వేయిస్తే అది ఎంఆర్ అయ్యుంటుంది, అందులో గవదబిళ్ళల టీకా ఉండదు, బయట వేయిస్తే ఎంఎంఆర్ అయ్యే అవకాశం ఎక్కువ. తేదీ, పేరు రెండూ కనపడేలా కార్డు పట్టుకెళ్ళి పిల్లల డాక్టరుకి చూపించండి. కొన్ని మిగిలి ఉన్నా ప్రస్తుతానికి గడువు మీరినవి ఏవీ లేకపోతే షరతుతో చేర్చుకుంటారు, తర్వాతి డోసు తేదీ రాసిస్తారు. బడి మొదలయ్యే వారం దాకా ఆగకండి, ఆగస్టులో అపాయింట్‌మెంట్లు దొరకవు.