డాక్టర్ సలహా: గొడవ మధ్యలో గదిలోకి వెళ్లిపోతే తప్పా?

డాక్టర్ గారూ, నా వయసు 34. గొడవ ముదిరితే నాకు గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి, ఏం మాట్లాడుతున్నానో నాకే తెలియదు. అందుకే ‘ఇక ఆపండి’ అని గదిలోకి వెళ్లిపోతాను. మా అక్క వాడే టెన్షన్ మాత్ర అల్ప్రజోలం 0.5 సగం వేసుకుని పడుకుంటాను. తెల్లారేసరికి మా ఆయన ముభావంగా ఉంటారు. ఆ తర్వాత రెండు మూడు రోజులు ఇద్దరికీ మాటలుండవు. ‘నువ్వు మాట్లాడకుండా నన్ను శిక్షిస్తున్నావు’ అంటారు. నేను శాంతించడానికే కదా వెళ్తున్నాను? ఇందులో నా తప్పేముంది?
– ఒక పాఠకురాలు

ముందు మాత్ర సంగతి చూద్దాం. మీరు దాన్ని ఒక్క వాక్యంలో చెప్పి దాటేశారు గానీ, నా కన్ను అక్కడే ఆగిపోయింది. అది మీ అక్క గారికి ఆమె డాక్టరు రాసిన మందు. ఆమె వయసు, ఇబ్బంది, వాడుతున్న మిగతా మందులు చూసి రాసి ఉంటారు. మీకు సరిపడుతుందో లేదో ఎవరూ చూడలేదు. సగం మాత్రే కదా అనుకోకండి. దీనికి అలవాటు పడటం తేలిక, మానడం కష్టం. మద్యంతోనో, నిద్రమాత్రలతోనో, కొన్ని రకాల నొప్పి మందులు, దగ్గు మందులతోనో కలిస్తే శ్వాస మందగించి ప్రాణం మీదికి రావచ్చు. గర్భం వచ్చే అవకాశం ఉంటే అది ఇంకో లెక్క.

ఎన్నాళ్లుగా, వారానికి ఎన్నిసార్లు వేసుకుంటున్నారో రాయలేదు. ఎప్పుడో ఒకసారి అయితే ఇక వేసుకోకండి. కొన్ని వారాలుగా దాదాపు రోజూ వేసుకుంటూ ఉంటే మాత్రం, నేను చెప్పానని రేపే ఆపేయకండి. ఒక్కసారిగా ఆపితే నిద్ర పట్టకపోవడం, వణుకు, కొందరిలో ఫిట్స్ కూడా రావచ్చు. దగ్గరలోని డాక్టరును కలిసి, ఆయన చెప్పిన లెక్క ప్రకారం తగ్గించుకోవాలి.

మీరు అడిగిన ప్రశ్నకు జవాబు కూడా చాలావరకు ఈ మాత్రలోనే ఉందని నాకనిపిస్తోంది. అల్ప్రజోలం పూర్తిగా పనిచేయడానికి గంట నుంచి రెండు గంటలు పడుతుంది. కదిలించకుండా వదిలేస్తే మీ శరీరం అంతకంటే ముందే తనంతట తాను సర్దుకుంటుంది. అంటే మీరు తిరిగి వెళ్లి మాట్లాడాల్సిన సమయానికి మత్తు మొదలవుతోంది. మీరు నిద్రలోకి జారుకుంటారు, అవతల ఆయన ఎదురు చూస్తూ కూర్చుంటారు. పైగా ఈ మందు ప్రభావంలో జరిగినవి సరిగా గుర్తుండకపోవచ్చు. నిద్రమత్తులో ‘సరే, రేపు మాట్లాడదాం’ అని ఉన్నా మీకు ఆ మాట గుర్తుండదు. మీ వైపు నుంచి అది విశ్రాంతి. ఆయనకు కనిపించేది మాత్రం మూసిన తలుపు, తర్వాత మూడు రోజుల మౌనం.

గొడవ ఆపడం సరైనదే. నిజానికి మీ శరీరం ఆపమనే చెబుతోంది. కోపం, భయం ముదిరినప్పుడు అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్ రక్తంలోకి వస్తాయి. గుండె వేగం పెరుగుతుంది, అరచేతులు చెమర్చుతాయి, కండరాలు బిగుసుకుంటాయి. ఆ స్థితిలో ఎదుటివాళ్ల మాట చెవిన పడుతుంది గానీ బుర్రకెక్కదు. మామూలు మాట కూడా నిందలాగే వినిపిస్తుంది. భార్యాభర్తల గొడవలను ప్రయోగశాలలో గమనించిన మానసిక శాస్త్రవేత్త జాన్ గాట్‌మన్, నాడి నిమిషానికి 100 దాటితే ఇక ఉపయోగపడే సంభాషణ జరగడం కష్టమని చెబుతారు. కూర్చుని మాట్లాడుతున్నప్పటి లెక్క ఇది. గుండె వేగాన్ని తగ్గించే బీపీ మందులు వాడేవాళ్లకు ఈ అంకె పనికిరాదు. అథ్లెట్లకు ఇంకా తక్కువ దగ్గరే ఈ పరిస్థితి రావచ్చు.

ఆయన బృందం ఒకసారి గొడవ పడుతున్న జంటలను మధ్యలో ఆపి, పరికరాలు సరిచేయాలి, అంతవరకు ఆ విషయం ఎత్తకుండా పత్రికలు చదువుకోండి అని చెప్పింది. అరగంట తర్వాత మళ్లీ మొదలుపెట్టినప్పుడు వాళ్ల గుండె వేగం తగ్గింది, మాట తీరూ మారింది. ఎవరూ వాళ్లకు ఏ సలహా ఇవ్వలేదు, ఏ మాత్రా ఇవ్వలేదు. వాళ్లకు దొరికినవి రెండే: తగినంత సమయం, ఆ గొడవ గురించి ఆలోచించకుండా ఉండే పని. మళ్లీ అదే విషయం మీద కూర్చుంటామని వాళ్లకు ముందే తెలుసు, అది మర్చిపోకండి.

విరామం కనీసం 20 నిమిషాలు ఉండాలి. విడుదలైన ఆ హార్మోన్ల ప్రభావం తగ్గడానికి అంత పడుతుంది. అరగంట నుంచి గంట చాలామందికి సరిపోతుంది. రాత్రి బాగా పొద్దుపోతే మర్నాటికి వాయిదా వేయొచ్చు గానీ ఒక రోజు దాటనివ్వకండి. ఆలస్యం చేసేవాళ్లను నేను రోజూ చూస్తాను. పుండు విషయంలోనైనా గొడవ విషయంలోనైనా ‘తర్వాత చూద్దాం’ అన్నవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడతారు. రెండో రోజు వచ్చేసరికి అసలు విషయం పక్కకు పోయి, ముందు ఎవరు మాట్లాడాలన్నదే కొత్త గొడవ అవుతుంది.

‘ఇక ఆపండి’ అనే మాటలో ఎదుటివాళ్లకు ఏమీ తెలియదు. ఎందుకు, ఎంతసేపు, తిరిగి వస్తారా, రారా? ‘నాకు గుండె దడగా ఉంది, ఇప్పుడు మీరు చెప్పేది నాకు ఎక్కదు. ఎనిమిదిన్నరకు వస్తాను, ఇదే విషయం మాట్లాడదాం’ అనండి. ‘మీతో మాట్లాడలేను’ అనకండి, అది ఆయన మీద పెట్టిన నేరం అవుతుంది. టైము చెప్పినవాళ్లే ఆ టైముకు తిరిగి రావాలి. ఈ మాట గొడవ మధ్యలో కొత్తగా పుట్టదు కాబట్టి, ఇద్దరూ మామూలుగా ఉన్న రోజున ముందే అనుకుని పెట్టుకోండి.

నా దగ్గరికి వచ్చిన ఒక జంట సంగతి, వివరాలు కొంచెం మార్చి చెబుతాను. భర్త తన తమ్ముడికి అప్పు ఇచ్చాడు, భార్యకు చెప్పలేదు. ఆమె బీపీ చూపించుకోవడానికి వచ్చి ఈ సంగతంతా చెప్పింది. విరామం ఎలా తీసుకోవాలో చెప్పి పంపాను. మొదటిసారి చెడింది. ఆమె అరగంట అని చెప్పి పక్క గదిలోకి వెళ్లింది, బాగానే ఉంది. కానీ ఆ అరగంటా చెల్లెలికి ఫోన్ చేసి జరిగిందంతా మొదటి నుంచీ చెప్పింది. ఆయన హాల్లో కూర్చుని ఆమెకు వరుసగా మెసేజ్‌లు పెట్టాడు. ఇద్దరూ తిరిగి వచ్చేసరికి కోపం ఇంకా పెరిగింది. గడియారం ప్రకారం విరామం అయింది, శరీరాలకు మాత్రం గొడవ ఆగనే లేదు. జరిగింది తలుచుకున్నంతసేపు, ఏమని బదులివ్వాలా అని మనసులో కూర్చుకున్నంతసేపు నాడి దిగదు.

రెండోసారి రాత్రి 7:40కి ఆమె నాడి చూసుకుంది. మణికట్టు మీద వేళ్లు పెట్టి 30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణించింది, 112 వచ్చింది. 8:30కి వస్తానని చెప్పి లేచింది. ఫోన్ అక్కడే వదిలేసి ఉతికిన బట్టలు మడతపెట్టింది. తర్వాత పది నిమిషాలు నెమ్మదిగా ఊపిరి పీల్చి, పీల్చిన దానికంటే ఎక్కువసేపు వదిలింది. మధ్యలో హాల్లోకి వచ్చినప్పుడు ‘మీ కళ్లజోడు ఇక్కడుంది’ అని చెప్పి అందించింది. ఈ చిన్న సంగతి నేను కావాలనే రాస్తున్నాను. విరామంలో ఆపేది ఆ ఒక్క విషయాన్నే. తిన్నారా, పిల్లవాడు పడుకున్నాడా అనే మాటలు ఆగకూడదు. అవి కూడా ఆగిపోయి, పిలిస్తే పలకకుండా, ఎదురుపడితే ముఖం తిప్పుకునే దాకా వస్తే అది మౌనంతో వేసే శిక్షే. అవతలివాళ్లు ఎందుకు బాధపడుతున్నారో అప్పుడు నేను అర్థం చేసుకోగలను.

8:30కి ఆమె నాడి 84. ఆమే వెళ్లి కూర్చుంది. తన వాదన ఎత్తకుండా ముందు ‘తమ్ముడు అడిగితే కాదనలేకపోయారు, నాకు చెబితే ఒప్పుకోనని భయపడ్డారు, అంతేనా?’ అని అడిగింది. ఆయన అవునన్నాడు. ఆ రాత్రి అప్పు సంగతి తేలలేదు. పావుగంట మాట్లాడి, ఇకపై ఎంత మొత్తం దాటితే ఒకరికొకరు చెప్పుకోవాలన్నది ఆదివారం తేల్చుకుందామని ఆపారు. అంత చాలు. మాట్లాడుతుండగా మళ్లీ దడ మొదలైతే మళ్లీ టైము చెప్పి ఆపొచ్చు. అయితే ప్రతిసారీ ఆపి, ఆ విషయం మాత్రం ఎప్పటికీ ఎత్తకపోతే దాన్ని తప్పించుకోవడం అంటారు. గత నెలలో ఆపిన గొడవల్లో ఎన్నింటిని తర్వాత కూర్చుని పూర్తి చేశారో ఒకసారి లెక్క చూసుకోండి.

మీ వారికీ ఒక మాట. టైము చెప్పి వెళ్లిన మనిషి వెనకాలే వెళ్లి తలుపు కొట్టకండి. ఆ అరగంట మీ శరీరానికీ కావాలి.

ఇదంతా ఇద్దరికీ ఒకరంటే ఒకరికి భయం లేని ఇంటికి వర్తిస్తుంది. గొడవలో కొట్టడం, వస్తువులు విసరడం, గదిలోంచి బయటికి వెళ్లనివ్వకుండా అడ్డం నిలబడటం లాంటివి జరుగుతుంటే, మీకు భయం వేసే వణుకుతుంటే, నేను చెప్పిన పద్ధతి మీకు సరిపోదు. మీరు అలా రాయలేదు, కానీ రాయనివాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి చెబుతున్నాను. అలాంటప్పుడు తిరిగి వెళ్లి మాట్లాడాల్సిన బాధ్యత మీ మీద లేదు. నమ్మకమైన మనిషికి చెప్పి, ముందు సురక్షితమైన చోటికి వెళ్లండి.

ఇక ఆ దడ. గొడవలో మాత్రమే వచ్చి అరగంటలో తగ్గిపోతే చాలావరకు కోపానికి శరీరం స్పందించే తీరే అది, కానీ మిమ్మల్ని చూడకుండా నేను అంత గట్టిగా చెప్పలేను. రక్తహీనత, థైరాయిడ్ ఎక్కువవడం కూడా దడ, వణుకు తెప్పిస్తాయి. కాబట్టి ఒక ఈసీజీ, హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్ష ఈ నెలలోనే చేయించుకోండి. ఊరికే కూర్చున్నప్పుడు కూడా దడ వస్తున్నా, కళ్లు తిరిగి పడిపోయినా, ఛాతీలో నొప్పి, ఆయాసం ఉన్నా నెల దాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. వెళ్లేటప్పుడు ఆ మాత్రల స్ట్రిప్ వెంట తీసుకెళ్లి, ఎన్ని వేసుకున్నారో దాచకుండా డాక్టరుకు చెప్పండి.