‘లైసోజోమ్‌తో కలవలేదని ఎలా నిరూపిస్తారు?’: టీబీ పరిశోధన ఇంటర్వ్యూకు సిద్ధపడటం

ప్రశ్న: నేను ఎం.ఎస్సీ. మైక్రోబయాలజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. టీబీ మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది. ఒక ప్రాజెక్టు ఇంటర్వ్యూలో క్షయ బ్యాక్టీరియా మాక్రోఫేజ్‌లో ఎలా బతుకుతుందని అడిగితే, ఫాగోజోమ్ పరిపక్వతను అడ్డుకుంటుందని చెప్పాను. ‘దాన్ని ఎలా నిరూపిస్తారు? గ్రాన్యులోమా ఎవరికి మేలు చేస్తుంది?’ అని వెంటనే అడిగారు. నా దగ్గర జవాబు లేదు. మా కాలేజీలో టీబీ బ్యాక్టీరియాను పెంచే ల్యాబ్ కూడా లేదు. ఎలా సిద్ధపడాలి?

జవాబు: మీరు చెప్పిన మొదటి వాక్యం తప్పు కాదు. అయితే అది పుస్తకంలోని ముగింపు వాక్యం. ఇంటర్వ్యూ బోర్డు సాధారణంగా దాని వెనుక ఉన్న ప్రయోగాన్ని అడుగుతుంది. కాబట్టి కొత్త ప్రొటీన్ల పేర్లు బట్టీ పట్టడం కంటే, ఒకే ప్రయోగాన్ని మొదటి నుంచి చివరి దాకా వివరించగలిగేలా తయారుకావడం మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

ముందుగా సాధారణంగా జరిగేదేమిటో స్పష్టంగా చెప్పగలగాలి. మాక్రోఫేజ్ ఒక బ్యాక్టీరియాను మింగిన తరువాత దాని చుట్టూ ఏర్పడే ఫాగోజోమ్ పొర మీద మొదట రాబ్5 అనే ప్రొటీన్ ఉంటుంది. దాని వెంట పీఐ3పీ అనే కొవ్వు అణువు ఏర్పడి తరువాతి దశకు అవసరమైన ప్రొటీన్లను పిలుస్తుంది. క్రమంగా రాబ్5 పోయి రాబ్7 వస్తుంది. ప్రోటాన్లను లోపలికి పంపే వీ-ఏటీపీఏజ్ చేరి ఫాగోజోమ్‌ను ఆమ్లభరితం చేస్తుంది. చివరకు లైసోజోమ్‌లు కలిసి జీర్ణ ఎంజైములు లోపలికి దిగుతాయి. పూర్తిగా పరిపక్వమైన ఫాగోజోమ్‌లో పీహెచ్ విలువ 5 కంటే దిగువకు చేరుతుంది. సజీవ క్షయ బ్యాక్టీరియా ఉన్న ఫాగోజోమ్‌లో మాత్రం అది సుమారు 6.2 నుంచి 6.5 మధ్య ఆగిపోతుంది. రాబ్5 పొర మీదే నిలిచిపోతుంది, రాబ్7 దశకు మార్పు పూర్తికాదు. ఆ పొర మీద వీ-ఏటీపీఏజ్ చాలా తక్కువగా ఉంటుందని 1994లోనే చూపించారు.

ఇక్కడ చాలామంది అభ్యర్థులు గమనించని విషయం ఒకటి ఉంది. ఆ ఫాగోజోమ్ మిగతా కణం నుంచి తెగిపోయి స్తంభించిన గది కాదు. అది తొలిదశ ఎండోజోమ్‌లతో కలుస్తూనే ఉంటుంది, అందువల్ల ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్ దాని లోపలికి చేరుతూనే ఉంటుంది. అంటే బ్యాక్టీరియా ఎంజైములకు దొరకకుండా, ఇనుముకు దూరం కాకుండా ఉండే దశలో నిలిచింది. దీనికి అది వాడే సాధనాలలో రెండు గుర్తుంచుకుంటే చాలు: కణ గోడలోని మ్యాన్‌ల్యామ్ అనే గ్లైకోలిపిడ్ పీఐ3పీ తయారీని తగ్గిస్తుంది, శాప్‌ఎం అనే ఫాస్ఫటేజ్ తయారైన పీఐ3పీని విడగొడుతుంది. రెండూ ఒకే మెట్టును దెబ్బతీస్తున్నాయని గమనించి చెబితే, జాబితా అప్పజెప్పిన అభ్యర్థికీ మీకూ తేడా బోర్డుకు తెలుస్తుంది.

ఇక నిరూపణ. లండన్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ మెడికల్ రీసెర్చ్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్, డార్సీ హార్ట్ 1971లో ప్రచురించిన ప్రయోగంతో మొదలుపెట్టండి. (ఈ హార్ట్ 1940లలో స్ట్రెప్టోమైసిన్ క్లినికల్ ట్రయల్‌ను నడిపించినవారిలో ఒకరు, ఈ పని చేసేనాటికి ఆయనకు దాదాపు డెబ్బై ఏళ్లు.) వారు ఎలుకల మాక్రోఫేజ్‌లకు ముందుగా ఫెరిటిన్ అందించారు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో నల్లని చుక్కలుగా కనిపించే ఆ ప్రొటీన్ లైసోజోమ్‌లలో పేరుకుంటుంది. ఆ తరువాత బ్యాక్టీరియాను మింగించి చూశారు. చనిపోయిన బ్యాక్టీరియా ఉన్న ఫాగోజోమ్‌లలోకి ఫెరిటిన్ చేరింది. సజీవ బ్యాక్టీరియా ఉన్నవాటిలో ఎక్కువ భాగంలోకి చేరలేదు. అడ్డుకోవడం బ్యాక్టీరియా జీవించి ఉండి చేసే పని అని చెప్పడానికి ఆధారం ఆ పోలికే. సజీవ బ్యాక్టీరియాను మాత్రమే చూసి ‘కలవలేదు’ అని ఉంటే, ఆ కణాల్లో ఫెరిటిన్ పద్ధతి పనిచేయలేదేమోనన్న అనుమానం మిగిలిపోయేది.

అదే బృందం 1975లో ఇంకో మెట్టు వేసింది, నా దృష్టిలో ఇంటర్వ్యూకు ఇది మొదటిదానికన్నా విలువైనది. సజీవ బ్యాక్టీరియాకు ముందుగా ప్రతిరక్షకాలున్న సీరం పట్టించి మాక్రోఫేజ్‌లకు ఇచ్చినప్పుడు లైసోజోమ్‌లు ఫాగోజోమ్‌లతో బాగానే కలిశాయి, అయినా బ్యాక్టీరియా చావలేదు. కాబట్టి కలయికను ఆపడమే బతకడానికి ఏకైక కారణమని అనుకోవడానికి వీల్లేదు. ఫాగోజోమ్ నిలిచిపోవడం ఒక పరిశీలన. దానివల్లే బ్యాక్టీరియా బతికిందన్నది వేరే వాదన, దానికి వేరే సాక్ష్యం కావాలి.

ఈ తేడాను నేటి పద్ధతుల్లో ఎలా పరీక్షిస్తారో ఒక ఊహాత్మక ఉదాహరణతో సాధన చేయండి. ఒక జన్యువు తొలగించిన క్షయ బ్యాక్టీరియా మీకు ఇచ్చారనుకుందాం. మాక్రోఫేజ్‌లను నాలుగు భాగాలు చేసి ఒకదానికి ల్యాబుల్లో ప్రామాణికంగా వాడే మామూలు క్షయ బ్యాక్టీరియా రకం హెచ్37ఆర్‌వీ, ఒకదానికి వేడితో చంపిన హెచ్37ఆర్‌వీ, ఒకదానికి జన్యువు లేని రకం, మరొకదానికి ఆ జన్యువును తిరిగి చేర్చిన రకం ఇవ్వాలి. ఒక్కో కణానికి ఒకటి రెండు బ్యాక్టీరియాకు మించకుండా చూసి, నాలుగు గంటల తరువాత బయట మిగిలినవాటిని కడిగేసి, 24 గంటలకు మైక్రోస్కోపులో గమనించాలి. ఆమ్లతను లైసోట్రాకర్ రంగుతోనూ, ఎంజైముల రాకను లైసోజోమ్ ఎంజైమైన కేథెప్సిన్ డిని గుర్తించే ప్రతిరక్షకంతోనూ చూడాలి. లైసోజోమ్ పొర ప్రొటీన్ అయిన లాంప్-1 ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, ఎందుకంటే నిలిచిపోయిన ఫాగోజోమ్‌ల మీద కూడా అది కొంత కనిపిస్తుంది.

ఇప్పుడు వంద బ్యాక్టీరియాలో కేథెప్సిన్ డి కలిసినవి మామూలు రకంలో 25, చంపినవాటిలో 80, జన్యువు లేని రకంలో 65, జన్యువు తిరిగి చేర్చిన రకంలో 30 అని వచ్చిందనుకోండి. ఆ జన్యువుకు పరిపక్వతను ఆపడంలో పాత్ర ఉందని ఇంతవరకు చెప్పవచ్చు. కానీ మాక్రోఫేజ్‌లను పగలగొట్టి ద్రవాన్ని 7హెచ్11 అగార్ మీద పోసి, మూడు నాలుగు వారాల తరువాత కాలనీలు లెక్కిస్తే జన్యువు లేని రకం కూడా మామూలు రకమంత బతికి ఉందని తేలితే ఏమంటారు? ఆమ్లం, ఎంజైములు చేరినా ఆ బ్యాక్టీరియా ఈ కణాల్లో తట్టుకుంటోందని మాత్రమే అనగలరు. 1975 నాటి ఫలితం మీకు అక్కడ అక్కరకు వస్తుంది. తరువాతి ప్రశ్న, గామా ఇంటర్‌ఫెరాన్‌తో ఉత్తేజపరచిన మాక్రోఫేజ్‌లలో కూడా అది అలాగే తట్టుకుంటుందా అన్నది.

ఈ ప్రయోగం ఎక్కడ చెడిపోతుందో కూడా చెప్పగలిగితే బెంచ్ దగ్గర పనిచేసినవారిలా వినిపిస్తారు. మైనం వంటి గోడ వల్ల ఈ బ్యాక్టీరియా గుంపులుగా అంటుకుపోతుంది. ట్వీన్ 80 ఉన్న ద్రవంలో పెంచి, సన్నని సూదిగుండా పలుమార్లు పంపి, నెమ్మదిగా సెంట్రిఫ్యూజ్ చేసి గుంపులను తీసేయకపోతే ఒక కణం ఒకటి, పక్క కణం ఇరవై మింగుతాయి. అప్పుడు లెక్కలన్నీ వృథా. కల్చర్ పాతబడితే అందులోనే చనిపోయిన బ్యాక్టీరియా ఎక్కువై, సజీవ నమూనాలో కూడా కలయిక ఎక్కువగా కనిపిస్తుంది. మోతాదు పెరిగితే మాక్రోఫేజ్‌లే చచ్చి ఊడిపోతాయి, మిగిలిన కణాలను మాత్రమే లెక్కించి మోసపోతాం.

వ్యాక్సిన్‌గా ఇచ్చే బీసీజీ గురించి బోర్డు అడిగే అవకాశం ఎక్కువ. బీసీజీ కూడా ఫాగోజోమ్ పరిపక్వతను అడ్డుకుంటుంది, అయినా ఆరోగ్యవంతులలో క్షయ వ్యాధిని కలిగించదు. దానిలో ఆర్‌డీ1 అనే జన్యుభాగం లేదు, అందువల్ల ఈసాట్-6 వంటి ప్రొటీన్లను బయటకు పంపే ఈఎస్‌ఎక్స్-1 యంత్రాంగం పనిచేయదు. క్షయ బ్యాక్టీరియా ఫాగోజోమ్ పొరను దెబ్బతీసి సైటోప్లాజంతో సంబంధం పెట్టుకోవడానికి, మాక్రోఫేజ్‌ను చంపి పక్క కణాలకు పాకడానికి ఈ యంత్రాంగం కావాలి.

గ్రాన్యులోమా ప్రశ్నకు దారి ఇదే. సోకిన మాక్రోఫేజ్‌ల చుట్టూ కొత్త మాక్రోఫేజ్‌లు, వెలుపల లింఫోసైట్‌లు చేరి ఏర్పడే ఈ ముద్దను చాలాకాలం శరీరం కట్టిన రక్షణ గోడగానే చెప్పుకున్నారు. 2009లో డేవిస్, లలితా రామకృష్ణన్ జీబ్రాఫిష్ పిల్లల్లో, క్షయ బ్యాక్టీరియాకు దగ్గరి బంధువైన మైకోబ్యాక్టీరియం మెరీనమ్‌తో చేసిన పని ఈ బొమ్మను మార్చింది. పారదర్శకమైన ఆ పిల్లల్లో జరిగేదాన్ని నేరుగా చూడవచ్చు. సోకిన మాక్రోఫేజ్ చనిపోగానే కొత్త మాక్రోఫేజ్‌లు వచ్చి దాన్ని మింగుతాయి, అలా ఒక్కదానిలోని బ్యాక్టీరియా పలు కణాలకు పంచబడుతుంది. ఆర్‌డీ1 లేని రకం సోకినప్పుడు కొత్త మాక్రోఫేజ్‌ల రాక బాగా తగ్గింది. తొలిదశలో గ్రాన్యులోమా బ్యాక్టీరియా విస్తరణకు తోడ్పడుతుందన్న మాట.

అయితే అక్కడితో ఆపి ‘గ్రాన్యులోమా చెడ్డది’ అనేయకండి. కీళ్లవాతానికి వాడే ఇన్‌ఫ్లిక్సిమాబ్ టీఎన్‌ఎఫ్ అనే సైటోకైన్‌ను అడ్డుకుంటుంది. ఆ మందు వాడినవారిలో నిద్రాణమైన క్షయ తిరగబెట్టిన కేసులు 2001లో వెలుగులోకి వచ్చాయి. మనుషుల్లో అదుపును నిలబెట్టడానికి టీఎన్‌ఎఫ్ అవసరమని దానివల్ల తెలిసింది. మరోవైపు టీఎన్‌ఎఫ్ మితిమీరితే మాక్రోఫేజ్‌లు నశించి బ్యాక్టీరియా బయటపడుతుందని జీబ్రాఫిష్‌లోనే చూపించారు. కాబట్టి ‘ఎవరికి మేలు’ అన్నదానికి జవాబు ఏ దశలో, ఏ గ్రాన్యులోమా అన్నదాన్ని బట్టి ఉంటుంది. పరిమితులు కూడా చెప్పండి: చేపకు ఊపిరితిత్తులు లేవు, ఆ వయసు పిల్లల్లో లింఫోసైట్‌ల పాత్ర ఇంకా మొదలుకాదు, ల్యాబుల్లో మామూలుగా వాడే సీ57 ఎలుకల్లో మనుషుల్లో కనిపించే జున్నులాంటి కుళ్లు ఏర్పడదు.

ఇక ల్యాబ్ సంగతి. సజీవ క్షయ బ్యాక్టీరియాను పెంచాలంటే మూడో స్థాయి జీవభద్రత ఉన్న బీఎస్‌ఎల్-3 సదుపాయం తప్పనిసరి, దానికి ఏ కాలేజీ స్థాయిలోనూ రాజీ పడకూడదు. అయితే మైకోబ్యాక్టీరియం మెరీనమ్, బీసీజీలతో బీఎస్‌ఎల్-2లో పనిచేయవచ్చు. చాలా ల్యాబుల్లో సులభంగా దొరికే మైకోబ్యాక్టీరియం స్మెగ్మాటిస్‌ను మాక్రోఫేజ్ త్వరగానే చంపేస్తుంది, కనుక ‘ఎలా బతుకుతుంది’ అనే ప్రశ్నకు అది పోలిక నమూనాగానే పనికొస్తుంది. మీ డిసర్టేషన్‌కు ఆరు నెలలే ఉంటే, ఒక్కో కాలనీ లెక్కకు దాదాపు నెల పోతుందని గుర్తుంచుకుని, బీసీజీతో మైక్రోస్కోపు లెక్కింపును ప్రధానంగా పెట్టుకోండి. చంపిన బీసీజీ నమూనాను మాత్రం వదలకండి.

పీహెచ్‌డీకి చెన్నైలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ రీసెర్చ్ ఇన్ ట్యూబర్‌క్యులోసిస్, ఆగ్రాలోని జాల్మా, ఢిల్లీలోని ఐసీజీఈబీ, బెంగళూరులోని ఐఐఎస్సీలను పరిశీలించండి. సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్‌లో జేఆర్‌ఎఫ్ ఉంటే ఎక్కువ ల్యాబుల తలుపులు తెరుచుకుంటాయి, గేట్ కూడా రాసి ఉంచుకోండి. దరఖాస్తుకు ముందు గైడ్‌కు రాసే ఉత్తరంలో మూడు విషయాలు నేరుగా అడగవచ్చు: వారి బీఎస్‌ఎల్-3 ప్రస్తుతం నడుస్తోందా, కొత్త విద్యార్థి శిక్షణ పూర్తిచేసి లోపలికి వెళ్లడానికి సాధారణంగా ఎన్ని నెలలు పడుతుంది, ఆ సమయంలో బీసీజీతోనో మెరీనమ్‌తోనో మొదలుపెట్టే వీలుందా. బీఎస్‌ఎల్-3 మరమ్మతుల కోసం మూతపడితే, బయట చేయగల పని ఏమీ లేని విద్యార్థి ఫెలోషిప్ కాలం అక్కడే కరిగిపోతుంది.