తొమ్మిది దగ్గర ఆపితే మిగిలేదేమిటి?

"పాలకొల్లు దగ్గర మాకు ఐస్ ఫ్యాక్టరీ ఉందండి. జీతం మీద 9 మంది ఉన్నారు, ముఠా కూలీలు నలుగురు. ముఠా డబ్బు మేస్త్రికి దిమ్మల లెక్కన ఇస్తాం. పదిమంది లోపుంటే ఈఎస్‌ఐ అక్కర్లేదని, పైగా కొత్త చట్టంలో ఆ పది ఇరవై అయిందని అంటున్నారు. ఎందుకైనా మంచిదని ముగ్గురిని మా ఆవిడ పేరు మీద ఇంకో ఫర్మ్ పెట్టి అందులో చూపిద్దామనుకుంటున్నా. 5 లక్షలు 3 రూపాయల వడ్డీకి తెచ్చి రెండో క్రషర్ వేద్దామని ఉంది. సలహా ఇవ్వగలరు."

ముందు ఆ ఇరవై సంగతి. 2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలో మారింది 'ఫ్యాక్టరీ' అనే మాటకు అర్థం. కరెంటుతో నడిచే చోట పాత చట్టంలో 10 మంది ఉంటే ఫ్యాక్టరీ, ఇప్పుడు 20 మంది ఉండాలి. ఈఎస్‌ఐకి ఉన్న పది అలాగే ఉంది, గ్రాట్యుటీకి ఉన్న పది కూడా కదల్లేదు. రైస్ మిల్లుల వాళ్లూ, కొబ్బరి పీచు యూనిట్ల వాళ్లూ ఇదే పొరపాటు పడుతున్నారు కాబట్టే మీ ఉత్తరం తీసుకున్నాను.

ఇక మీ తలల లెక్క. మీరు తొమ్మిది దగ్గర లేరు, పదమూడు దగ్గర ఉన్నారు. ముఠా డబ్బు మేస్త్రి చేతికిచ్చినా, పని మీ ఆవరణలో, మీ దిమ్మల మీద, మీ గుమస్తా చెప్పిన లారీకి జరుగుతోంది. కాంట్రాక్టర్ ద్వారా వచ్చినవాళ్లు కూడా అసలు యజమాని లెక్కలోకే వస్తారు. ఐస్ కొన్న రొయ్యల వ్యాపారి తన ముఠాను తానే తెచ్చుకుని, కూలి తానే ఇచ్చుకుంటే అది వేరు. మీ దగ్గర అలా లేదు. మీ రోజువారీ చిట్టా తీసి చూడండి, 'ముఠా కూలి' అని మీ గుమస్తా చేతిరాతే ఉంటుంది. తనిఖీకి వచ్చినవాళ్లు ముందు అడిగేది మస్టర్ కాదు, ఆ చిట్టాయే. ఇంకో మాట, ఈఎస్‌ఐ చూసేది సగటు కాదు. పదిమంది పనిలో ఉన్నారా అన్నదే. ఒకసారి లోపలికి వచ్చాక మళ్లీ ఎనిమిదికి తగ్గినా బయటికి వెళ్లడం ఉండదు.

మీ ఆవిడ పేరు మీద ఫర్మ్ పెడితే ఏమవుతుంది? అదే షెడ్డు, అదే కరెంటు మీటరు, అదే బ్రైన్ ట్యాంకు, సాయంత్రానికి డబ్బు చేరేది అదే గల్లాపెట్టె. రెండు బోర్డులు కట్టినంత మాత్రాన రెండు సంస్థలు కావు. యాజమాన్యం, పని ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటే రెండింటి మనుషుల్నీ కలిపే లెక్కిస్తారు. పైగా ఆవిడ సంతకాలు ఉంటాయి కాబట్టి రేపు నోటీసు ఆవిడ పేరున కూడా వస్తుంది.

ఇంత తిప్పలు ఎంత మిగుల్చుకోవడానికో లెక్క వేద్దాం. మీ 13 మందిలో కంప్రెసర్ ఆపరేటర్‌కు 24,000 ఇస్తున్నారనుకోండి. జీతం 21,000 దాటింది కాబట్టి తలల లెక్కలో ఉంటాడు కానీ ఈఎస్‌ఐ చందా ఉండదు. మిగతా 12 మందికి తలా 14,000 అనుకుంటే, మీ వాటా 3.25 శాతం, మనిషికి 455 రూపాయలు, మొత్తం 5,460. వాళ్ల వాటా 0.75 శాతం, తలా 105. అంతా కలిపి నెలకు 6,720, తర్వాతి నెల 15వ తేదీలోగా కట్టాలి.

ఇప్పుడు రెండో వైపు. తడి గచ్చు మీద దిమ్మ జారి 35 ఏళ్ల కూలీ మీద పడి ప్రాణం పోయిందనుకుందాం. ఉద్యోగి నష్టపరిహారానికి తలల లెక్క లేదు, ఒక్కడున్నా వర్తిస్తుంది. లెక్క ఇదీ: జీతంలో సగం, అంటే 7,000. దాన్ని ఆ వయసుకు పట్టికలో ఉన్న 197.06తో గుణించండి. 13,79,420 రూపాయలు, పైన అంత్యక్రియల ఖర్చు. నెలలోగా జమ చేయకపోతే 12 శాతం వడ్డీ, కారణం లేకుండా జాప్యం చేస్తే అసలులో సగం దాకా జరిమానా. తొమ్మిది దగ్గర ఆగి ఈఎస్‌ఐ తప్పించుకున్నవాడు ఇదంతా జేబులోంచి కట్టాలి. ఈఎస్‌ఐలో ఉంటే ఆ కుటుంబానికి జీతంలో 90 శాతం లెక్కన పెన్షన్ ఈఎస్‌ఐ ఇస్తుంది, మీ మీద పరిహారం కేసు నిలవదు. పనిలో జరిగిన ప్రమాదానికి ఇన్ని నెలలు చందా కట్టి ఉండాలనే షరతు కూడా లేదు, చేరిన రోజు నుంచే రక్షణ.

చేరాల్సి ఉండీ చేరకపోతే మాత్రం అన్నింటికంటే చెడ్డ స్థితి. ఈఎస్‌ఐ బాధితుడికి ఇచ్చి, ఆ మొత్తం మీ దగ్గర రాబట్టగలదు. బకాయిల్లో కూలీల వాటా కూడా మీరే కట్టుకోవాలి, నిరుటి 105 రూపాయలు ఈ ఏడాది జీతంలో కోయడానికి వీల్లేదు. అందుకని ఈ వారమే పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకోండి. ఆ ఆపరేటర్ ఒక్కడూ ఈఎస్‌ఐ బయట ఉన్నాడు కదా, అమ్మోనియా లీకైతే ముందు ఉండేది అతనే. అతని పేరున ఉద్యోగి నష్టపరిహార పాలసీ విడిగా తీసుకోండి. నిజంగానే పదిమంది లోపు ఉన్న పాఠకులకైతే ఈ పాలసీ అందరికీ కావాలి. కాదంటే, ఉద్యోగుల్లో ఎక్కువమంది ఒప్పుకుంటే ఈఎస్‌ఐలో స్వచ్ఛందంగానూ చేరవచ్చు.

పీఎఫ్, బోనస్ 20 దగ్గర మొదలవుతాయి. పట్టుబడుల సీజన్‌లో మీ ముఠా ఎంతకు పెరుగుతుందో రాయలేదు. ఒకటి రెండు రోజుల అవసరానికి వచ్చిపోయేవాళ్ల సంగతి వేరు. ఏటా అదే సీజన్‌కు అదే ఎనిమిది మంది అదనంగా వస్తుంటే మీరు 21 దగ్గర ఉన్నట్టే, పీఎఫ్ కూడా తగులుకుంటుంది. గ్రాట్యుటీ పదికే వచ్చేసింది, దానికి నెలనెలా కొంత పక్కన పెట్టుకోండి.

ఇక ఆ 5 లక్షల అప్పు. 3 రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం, నెలకు 15,000. నెలకు 5,460 మిగుల్చుకోవడానికి భార్య పేరున ఫర్మ్ పెట్టడానికి సిద్ధపడిన మనిషి, దానికి రెండింతలు దాటిన వడ్డీని కళ్లు మూసుకుని కడతానంటున్నారు! వైరస్ వచ్చి చుట్టుపక్కల చెరువులు ఒక పంట ఎత్తిపోతే ఐస్ ఎవరు కొంటారు? వడ్డీ మాత్రం ఆగదు. ఈ అప్పు చేయకండి. క్రషర్ తప్పదంటే మీ కరెంట్ అకౌంట్ ఉన్న బ్యాంకులోనే యంత్రం తాకట్టు మీద అడగండి. అది కూడా ఈఎస్‌ఐ కోడ్ నంబర్, ఆపరేటర్ పాలసీ చేతికొచ్చాకే. రెండో క్రషర్ వేస్తే ఇంకో ఇద్దరు మనుషులు కావాలి, అప్పుడు సీజన్ లేని రోజుల్లోనే పదిహేను అవుతారు. బ్యాంకుకు వెళ్లే ముందు సీజన్‌లో ముఠా ఎంతమందో చిట్టా చూసి లెక్కపెట్టి పెట్టుకోండి.