యాప్‌లో అటెండెన్స్ అలర్ట్: పదో తరగతి పేరెంట్‌కి క్లాస్ టీచర్ జవాబు

"మేడమ్, యాప్‌లో మా బాబు అటెండెన్స్ 68.33% అని ఎర్రగా చూపిస్తోంది. డెంగీ వచ్చినప్పుడు మెడికల్ సర్టిఫికెట్ ఇచ్చాం కదా, మళ్లీ ఈ అలర్ట్ ఎందుకు? హాల్ టికెట్ ఆపేస్తారా?"

నమస్తే అండీ. ఇప్పుడు వచ్చిన అలర్ట్‌తో హాల్ టికెట్ ఆగదు. సీబీఎస్‌ఈ చూసేది జనవరి 1 నాటి లెక్క. అప్పటికి 75% ఉండాలి.

అక్టోబరు చివరికి స్కూలు నడిచింది 120 రోజులు. బాబు వచ్చినవి 82, రానివి 38. క్యాలెండర్‌లో ఒక్కో తేదీ నొక్కి చూశాను. డెంగీకి పదిహేను రోజులు, దసరా సెలవులకు ముందూ వెనకా ఊళ్లో ఉండిపోయినవి తొమ్మిది, ఫౌండేషన్ కోచింగ్ టెస్టులకని మానేసిన శనివారాలు పన్నెండు. మిగతా రెండు రోజులు బస్సు లేటయి రెండో పీరియడ్‌కి వచ్చాడు. యాప్‌లో మొదటి పీరియడ్ హాజరే పడుతుంది కాబట్టి ఆబ్సెంట్ అయింది. అవి నేను సరిచేయిస్తాను. అప్పుడు 84 రోజులు, అంటే 70% అవుతుంది.

మెడికల్ సర్టిఫికెట్ ఇచ్చినా ఆ పదిహేను రోజులు హాజరుగా మారవు. యాప్‌లో ML అని పడతాయి, 120లోనే ఉంటాయి, శాతం అలాగే ఉంటుంది. సర్టిఫికెట్ పనికొచ్చేది చివర్లో. జనవరి 1కి 75% రాకపోతే, అనారోగ్యం లాంటి గట్టి కారణానికి బోర్డు 25% దాకా మినహాయింపు ఇవ్వొచ్చు. దానికి మీ అర్జీ, ప్రభుత్వ డాక్టరు సర్టిఫికెట్, రిపోర్టులు జతచేసి స్కూలు పంపాలి. మీరిచ్చింది ప్రైవేటు ఆసుపత్రి సర్టిఫికెట్ ఒక్కటే. ప్లేట్‌లెట్ రిపోర్టులు, డిశ్చార్జ్ సమ్మరీ కూడా కావాలి. కోచింగ్ శనివారాలకూ, ఊరి ప్రయాణానికీ మాత్రం ఏ అర్జీ పనిచేయదు.

ఇక అందరూ పొరబడే లెక్క ఒకటుంది. 120లో 75% అంటే 90 రోజులు, బాబుకి ఆరు తక్కువ. ఆరు రోజులు వస్తే సరిపోతుందనుకుంటారు. కానీ అతను వచ్చిన ప్రతిరోజూ మొత్తం పనిదినాలు కూడా ఒకటి పెరుగుతాయి. అందుకే ఒక్కటీ మానకుండా 24 రోజులు వస్తేనే 144కి 108 అయి 75% తాకుతుంది.

జనవరి 1 లోపు మన క్యాలెండర్‌లో ఇంకా 45 పనిదినాలున్నాయి. మొత్తం 165 అవుతాయి, అందులో 124 కావాలి. అంటే 45లో 40 రోజులు రావాలి, ఐదుకి మించి మానకూడదు. శనివారం టెస్టులు ఇలాగే సాగితే ఆ ఐదూ డిసెంబరు మొదట్లోనే అయిపోతాయి. టెస్టు ఆదివారం బ్యాచ్‌కి మార్చగలరేమో కోచింగ్ వాళ్లని ఈ వారమే అడగండి. మార్చనంటే ఈ రెండు నెలలూ టెస్టే మానడం మంచిదని నా అభిప్రాయం.

డెంగీ కాగితాలు సోమవారం బాబు చేత పంపండి. ఒరిజినల్స్ మీ దగ్గరే ఉంచుకుని జిరాక్సులు ఇవ్వండి చాలు. ఇకపై జ్వరమొచ్చినా సరే, ఆ రోజే యాప్‌లో లీవ్ పెట్టండి, లెటరు కూడా రాసివ్వండి.