ఐసోట్రెటినోయిన్ వాడేటప్పుడు గర్భం విషయంలో ఎంత జాగ్రత్త కావాలి?

మొటిమలు బాగా తీవ్రంగా ఉన్నాయని డాక్టర్ ఐసోట్రెటినోయిన్ రాశారు. నాకు పెళ్లయింది. మందు ఆపాక పిల్లల కోసం ఎంతకాలం ఆగాలి? రక్తపరీక్షలు ఎందుకు?

చివరి క్యాప్సూల్ వేసుకున్నాక కనీసం ఒక నెల ఆగాలి. ఉదాహరణకు మార్చి 10న ఆపితే ఏప్రిల్ 10 దాకా గర్భనిరోధం కొనసాగించాలి. మందు శరీరం నుంచి అంతకుముందే దాదాపు పోతుంది, నెల గడువు భద్రత కోసం. వాడే రోజుల్లో గర్భం వస్తే మాత్రం కొద్ది మోతాదు కూడా బిడ్డ మెదడు, గుండె, చెవులు, ముఖం ఏర్పడటాన్ని దెబ్బతీయగలదు. అందుకే గర్భనిరోధం మందుకు నెల ముందే మొదలవ్వాలి, ప్రెగ్నెన్సీ టెస్ట్ నెలనెలా చేయించాలి. నెలసరి ఆలస్యమైతే ఆ రోజే క్యాప్సూల్ ఆపి డాక్టర్‌కి చెప్పండి. ఆ నెల గడువు పూర్తయ్యేదాకా రక్తదానం కూడా వద్దు, ఆ రక్తం గర్భిణికి ఎక్కించవచ్చు కదా!

రక్తపరీక్షలు లివర్ ఎంజైములు, ట్రైగ్లిజరైడ్ల కోసం. మొదలుపెట్టే ముందు ఒకసారి, ఒకటి రెండు నెలలకు మరోసారి, పరగడుపున ఇవ్వడం మేలు. ట్రైగ్లిజరైడ్లు మరీ పెరిగితే క్లోమం వాచే ప్రమాదం ఉంది. తీవ్రమైన కడుపునొప్పి, వాంతులు వస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

పెదవులు దాదాపు అందరికీ ఎండుతాయి, పెట్రోలియం జెల్లీ తరచూ రాయండి. అసలు ఎండకపోతే మందు సరిగా ఒంటికి పట్టడం లేదేమో చూడాలి. చాలా రకాల క్యాప్సూళ్లను కొవ్వు ఉన్న భోజనంతోనే వేసుకోవాలి.