శాకాహారి పేషెంట్‌ని ఏం అడగాలి?

అమ్మాయీ,

కేస్ షీట్‌లో "వెజిటేరియన్" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తున్నావు. దాంతో ఏమీ తేలదు. గుడ్డు తింటారా, పాలు ఎన్ని తాగుతారు, పెరుగు ఎంత వేసుకుంటారు అని అడుగు. "రోజూ మజ్జిగ తాగుతానండీ" అంటే సరిపెట్టుకోకు. గుడ్డు ముట్టనివాళ్లకి బి12 కోసం పాలే దిక్కు. గ్లాసు ఆవుపాలలో ఉండేది మహా అయితే ఒక మైక్రోగ్రాము, రోజుకి కావలసింది రెండు పైచిలుకు. నాలుగు చెంచాల పెరుగుని చెంబుడు మజ్జిగ చేస్తే అందులో ఎంత ఉంటుందో నువ్వే లెక్కేసుకో.

మొన్న నా దగ్గరికి వచ్చినావిడ సంగతి చెప్తాను. వయసు 46, బరువు 58 కిలోలు. ఎనిమిదేళ్లుగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్, దానికి తోడు పరగడుపున గ్యాస్ మాత్ర. రెండూ బి12 ఒంటపట్టకుండా చేసేవే. అరికాళ్ల తిమ్మిర్లు షుగర్ వల్లేనని అందరూ అనుకున్నారు. హిమోగ్లోబిన్ 10.8, రక్తకణాల సగటు సైజు చెప్పే ఎంసీవీ 86. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఐరన్ తగ్గితే రక్తకణం చిన్నదవుతుంది, బి12 తగ్గితే పెద్దదవుతుంది. రెండూ తగ్గితే సగటు నార్మల్‌గా కనిపిస్తుంది. అందుకే కణాల సైజుల్లో తేడా ఎంతుందో చెప్పే ఆర్‌డీడబ్ల్యూ చూడాలి. ఆవిడకి 18 ఉంది, అంటే ఎక్కువే. పరీక్ష చేయిస్తే ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ 11, బి12 165 వచ్చాయి, రెండూ తక్కువే.

ఐరన్ దగ్గర తిండి ఒక్కటే అడిగితే చాలదు. నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందా అని మొహమాటపడకుండా అడుగు. ఆవిడకి పోతోంది, పైగా టిఫిన్ తిన్న వెంటనే టీ. నెలసరి ఆగిపోయినవాళ్లలో, మగవాళ్లలో ఐరన్ తగ్గితే తిండి మీదకి నెట్టేయకుండా కడుపులో, పేగుల్లో ఎక్కడైనా రక్తం పోతోందేమో చూడాలి. జ్వరమో వాపో ఉంటే ఫెరిటిన్ ఎక్కువగా కనిపిస్తుంది, అది నమ్మకు.

ప్రోటీన్‌కి గరిటె లెక్కే మేలు. ఆవిడకి రోజుకి సుమారు 48 గ్రాములు కావాలి. పూటకి ఒక గరిటె పల్చటి పప్పు అంటే పప్పు బద్దలు పాతిక గ్రాములు, అందులో ప్రోటీన్ ఐదున్నర. మిగతాది అన్నం, ఇడ్లీ, కాస్త పెరుగు. అన్నీ కలిపినా నలభై దాటలేదు. ఇంట్లో పప్పు ఎంతమందికి ఎంత పోస్తారో అడిగితే అసలు సంగతి బయటపడుతుంది.

ఒమేగా త్రీకి రక్తపరీక్ష అక్కర్లేదు. ఏ నూనె వాడతారో అడుగు. పొద్దుతిరుగుడు, వేరుశనగ నూనెల్లో అది దాదాపు ఉండదు. అవిసెలు తింటామంటే పొడి చేసుకుంటున్నారా అని అడుగు, గింజలు అలాగే మింగితే అలాగే బయటికి పోతాయి. పొడి తిన్నా చేపల్లో ఉండే రకంగా మారేది కొంచెమే.

ఒక జాగ్రత్త. బి కాంప్లెక్స్ మాత్రలు గానీ ఇంజెక్షన్ గానీ ఈమధ్య వాడారేమో ముందే అడుగు, వాడి ఉంటే బి12 అంకె పెరిగి కనిపిస్తుంది. శాంపిల్ తీసేదాకా నువ్వూ రాయకు. తిమ్మిర్లు ఉన్నవాళ్లకి మాత్రం శాంపిల్ తీసిన రోజే బి12 మొదలుపెట్టు. ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇచ్చి పంపితే రక్తం బాగుపడుతుంది, నరాలు మాత్రం పాడవుతూనే ఉంటాయి.

ఇట్లు,
పెదనాన్న